ఫ్రీగ వచ్చిన మిక్సీ బాలేదని చెప్పే ముందు

"అన్నా, మాది కరీంనగర్. వంటింటి సామాన్ల రివ్యూ ఛానల్ నడుపుతున్న, 9 వేల సబ్‌స్క్రైబర్లు ఉన్నరు. ఒక కంపెనీ ఫ్రీగ మిక్సీ పంపింది. ఇడ్లీ పిండి పడుతుంటే 4 నిమిషాలకే ఆగిపోతుంది, రెండుసార్లు అట్లనే అయింది. బాలేదని చెప్తే మళ్ళ ఏ కంపెనీ పంపదు, బాగుందంటే కామెంట్లల్ల పైసలు తీసుకున్నవ్ అంటరు. ఎట్ల చెప్పాలె?"

తమ్మీ, ఎట్ల చెప్పాలె అన్నది తర్వాత, నీ దగ్గర చెప్పేంత సంగతి ఇంకా లేదు. రెండుసార్లు ఆగింది, అంతే తెలుసు నీకు. మిక్సీ ఇట్ల ఆగిందంటే చానవాటికి కింద ఎర్ర బటన్ బయటికి పొడుచుకొచ్చి ఉంటది, అది ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్, మోటార్ కాలిపోకుంట ఆపేది అదే, అంటే ఆగుడు అన్నది ఒక లెక్కల మిక్సీ తన పని తను చేసినట్టే. ఎందుకు ఆగింది అన్నదే అసలు ప్రశ్న. మోటార్ బలహీనమా, నువ్వు పప్పు ఎక్కువేసినవా, నీళ్ళు తక్కువయినయా, లేకుంటే మీ ఇంటి కరెంటా?

కరెంట్ అని ఎందుకంటున్ననంటే ఆ దెబ్బ నేను తిన్న. మాది హనుమకొండ, ఆరేళ్ళ నుంచి మిక్సీలు, గ్రైండర్లు, కుక్కర్లు గివే చేస్తున్న. మొదటి ఏడాదిల ఒక 750 వాట్ల మిక్సీ తెచ్చి, ఏప్రిల్ నెల, సాయంత్రం ఏడు ఏడున్నర మధ్యల, హాల్ల లైట్లు మంచిగుంటయని ఎక్స్‌టెన్షన్ బాక్స్ గుంజి మరీ షూట్ చేసిన. మినపప్పు రుబ్బుతుంటే మూడుసార్లు ట్రిప్ అయింది. ఇంకేముంది, "750 వాట్లు అంతా ఉత్తదే" అని థంబ్‌నెయిల్ పెట్టి వదిలిన, మస్తు నడిచింది వీడియో. నాలుగు రోజులకు మోటార్ వైండింగ్ చేసే అన్న ఒకాయన కామెంట్ పెట్టిండు, "తమ్మీ, వోల్టేజ్ ఎంతుండె అప్పుడు?" అని. అంతే ఒక్క లైన్. నాకు తెల్వదు, చూడలే. మల్టీమీటర్ పట్టుకొచ్చి అదే టైముకు అదే ప్లగ్గుల చూస్తే 207, ఎక్స్‌టెన్షన్ చివర మిక్సీ నడుస్తుంటే 201. మా గల్లీల ఎండాకాలం సాయంత్రం అన్ని ఇండ్లల్ల కూలర్లు ఒక్కసారే తిరుగుతయి, అదీ సంగతి.

230 మీద నడవాల్సిన మోటార్‌కు 201 ఇస్తే ఏమయితదో లెక్క చూడు. పవర్ వోల్టేజ్ స్క్వేర్ లెక్కన పోతదనుకుంటే దాదాపు పావు వంతు తగ్గుతది, మోటార్‌ను బట్టి ముందుకో వెనక్కో ఉంటది గాని ఆ చుట్టుపక్కలనే. స్పీడ్ తగ్గుతది, అదే షాఫ్ట్‌కు ఉన్న కూలింగ్ ఫ్యాన్ కూడ మెల్లగ తిరుగుతది, పిండి మెదగడానికి ఎక్కువ సేపు పడ్తది, వేడి ఎక్కుతది, బటన్ బయటికొస్తది. మర్నాడు పొద్దున పదింటికి 228 ఉన్నప్పుడు, నేరుగ గోడ ప్లగ్గుకు పెట్టి, అదే పప్పు అంతే కొలత పట్టిన, ఒక్కసారి కూడ ఆగలే. కంపెనీ వాళ్ళు నాకు ఏమనలే, వాళ్ళకు నేనెవరో కూడ తెల్వదు అప్పుడు. కాని నేను ఆ వీడియో తీసేసి, కొత్త వీడియోల ఇది మొత్తం చెప్పి, పాత కమ్యూనిటీ పోస్ట్ కింద కూడ తప్పయిందని రాసిన. తీసెయ్యకుండ పిన్ కామెంట్‌తోని సరిపెట్టొచ్చు అని కొందరన్నరు, కాని థంబ్‌నెయిలే అబద్ధమైతే పిన్ కామెంట్ ఎవరు చదువుతరు?

గీ సంగతి నుంచి నేను పట్టుకున్నది ఒక్కటే, టెస్ట్ చేసిన రోజు ఏముండెనో అంతా రాసిపెట్టాలె, ఇంకా ముఖ్యం పక్కకు ఒక తెలిసిన మిక్సీ ఉండాలె. మా ఇంట్ల పాత మిక్సీ ఒకటుంది, ఎనిమిదేళ్ళది, దాన్ని నేను వంటకు వాడనియ్య, మా అమ్మ తిడ్తది కాని వాడనియ్య. ఏ కొత్త మిక్సీ వచ్చినా టెస్ట్ రోజు ముందు దీన్ని తిప్పుత, తర్వాత కొత్తది, మళ్ళ చివరకు ఇది. ఆ రోజు పాతది కూడ ఎప్పటికంటే ఎక్కువ టైం తీసుకుంటే కరెంటుదో పప్పుదో తేడా, కొత్త మిక్సీది కాదు. పాతది ఎప్పటి లెక్కనే చేసి కొత్తది ఒక్కటే ఆగితే అప్పుడు కొత్తది బాలేదు అనడానికి నీకు కొంచెం ఆధారం దొరికినట్టు.

సామాన్లు పెద్దగ ఏం అక్కర్లే. గ్రాము వరకు చూపే వంటింటి తక్కెడ, పిండిల గుచ్చే థర్మామీటర్, మల్టీమీటర్, ప్లగ్గుకు పెట్టే వాట్ మీటర్, స్టాప్‌వాచ్ ఫోన్లనే ఉంటది. వాట్ మీటర్ గురించి ఒక మాట, చాన మంది కొత్తోళ్ళు ఖాళీ జార్ తిప్పి మీటర్ల 280 వాట్లు చూపిస్తే "చూశిన్రా, 750 అని రాసి 280 ఇస్తుండ్రు" అని అరుస్తరు. అది తప్పు. ఖాళీగ తిరిగేటప్పుడు తక్కువే గుంజుతది, భారం పడితెనే పెరుగుతది. మోసం పట్టుకున్నననుకుని నువ్వే అబద్ధం చెప్పినట్టయితది, అట్లాంటి వీడియోకు మంచి వ్యూసే వస్తయి, అదే బాధ.

పొడి టెస్ట్‌కు నేను ధనియాలు వాడ్త. మొదట్ల మిర్చితోని చేద్దామనుకున్న, ఎనుమాముల మార్కెట్ పక్కనే ఉండే, ఊరి పేరు కూడ నిలబడ్తదని. కాని మిర్చిల తేమ బస్తా బస్తాకు మారుతది, ఒక్కోసారి తొక్క జార్ గోడకు అతుక్కుంటది, ఇల్లంతా దగ్గు. ధనియాలు నయం. ఒకే కిలో ప్యాకెట్, అంతా కలిపి, పూట ఎండలపెట్టి, 100 గ్రాములు తూకం వేసి పొడి జార్ల పోసి ఫుల్ స్పీడ్ మీద 60 సెకండ్లు, తీసి మైదా జల్లెడల పట్టి పైన మిగిలిన నూకను తూకం వేస్త. ఎంత తక్కువ మిగిలితే అంత మంచిగ మెదిపినట్టు. గింతనే. ఇది ఎవరింట్ల వాళ్ళు చేసి చూసుకోవచ్చు, అందుకే ఇది నాకు ఇష్టం.

కాని ఒక్కసారి చేసి చెప్పొద్దు. మూడుసార్లు చెయ్యి, ప్రతిసారీ మధ్యల మోటార్ చల్లారనియ్యి. పోయిన ఏడాది నా పాత మిక్సీకి ఒకే రోజు మిగిలిన నూక 30, 28, 33 గ్రాములు వచ్చింది. మిక్సీ అదే, ధనియాలు అవే, చేసింది నేనే, అయినా 5 గ్రాముల తేడా. అంటే రెండు మిక్సీల మధ్య 3 గ్రాముల తేడా వస్తే అది తేడానే కాదు, "రెండూ ఒకటే" అని చెప్పాలె. నువ్వు టేబుల్ వేసి ఫస్ట్ సెకండ్ థర్డ్ అని ర్యాంకులు ఇస్తవు చూడు, సగం సార్లు ఆ ర్యాంకులకు అర్థం ఉండదు. మొదలు నీ టెస్ట్ తనంతట తాను ఎంత ఊగుతదో తెలుసుకో.

తడి టెస్ట్ నీ కేసుకు కావాల్సింది. నేను 200 గ్రాముల మినపగుండ్లు 4 గంటలు నానపెట్టి నీళ్ళు వడకట్టి, 200 మిల్లీలీటర్ల మామూలు నీళ్ళతోని పెద్ద జార్ల పడ్త. నీళ్ళు కొలవకుండ "కొంచెం కొంచెం" పోస్తరు కదా, అక్కడనే సగం టెస్ట్ పోతది. ఇంకొకటి, మిక్సీ బుక్‌ల ఎంతసేపు తిప్పాలె ఎంతసేపు ఆపాలె అని రాసుంటది, జార్ మీద నిండు గీత ఉంటది. నువ్వు 4 నిమిషాలు ఆపకుండ తిప్పి ట్రిప్ అయిందంటే కంపెనీ ఆ పేజీ ఫోటో తీసి నీకే పంపుతది. అందుకే ముందు బుక్ ప్రకారం చెయ్యి, అట్ల చేసినా ఆగితే అది నెగెటివ్ పాయింట్, గట్టిది. తర్వాత కావాలంటే "మనోళ్ళు ఇంట్ల ఇట్ల ఆపకుండ తిప్పుతరు, అట్ల అయితే ఇంతసేపటికి ఆగింది" అని విడిగ చూపియ్యి, రెండు కలపకు. పిండి వేడి కూడ చూడు, మొదలు పెట్టినప్పుడు ఎంత, అయిపోయినంక ఎంత. పాత మిక్సీల 9 డిగ్రీలు పెరిగి కొత్తదాంట్ల 15 పెరిగితే అది చెప్పదగ్గ తేడా.

పిండి మెత్తగుందా లేదా అన్నది నువ్వు నోటితోని చెప్తే ఎవరు నమ్మరు, నేనైతే నన్నే నమ్మ, ఎందుకంటే ఏ గిన్నె ఏ మిక్సీదో నాకు తెలుసు. మా ఇంటామె గిన్నెల అడుగున నంబర్లు రాసి తిప్పి పెడ్తది, మా అమ్మ చేతితోని చూసి గారెలకు ఏది మంచిగొస్తదో చెప్తది, ఆమెకు ఏది ఏ మిక్సీదో తెల్వదు, కెమెరా వెనుక ఉన్న నాకు కూడ తెల్వదు. ఒకసారి 9 వేల రూపాయల మిక్సీ పిండిని "ఇది ఎవరు పట్టిన్రు, నూక నూకగుంది" అని పక్కకు నెట్టింది, ఆ క్లిప్ ఇప్పటికి అడుగుతరు జనాలు.

ఇగ ఫ్రీ శాంపిల్ సంగతి, నీ భయం అంతా అక్కడనే ఉంది కదా. నాకు జరిగిన ఒక కేసు మొత్తం చెప్త, దాంట్లనే నీ జవాబు ఉంటది.

రెండేళ్ళ కింద ఒక కంపెనీ, పేరు వద్దు, 4 వేల చిల్లర రేటు మిక్సీ పంపుతం అన్నది. నేను పార్సెల్ రాకముందే మెయిల్ పెడ్త ఎప్పుడైనా, నాలుగు మాటలే ఉంటయి అందుల. వీడియో ముందు మీకు చూపియ్య, బాగున్నా బాలేకున్నా వీడియో వస్తది, ఫ్రీగ వచ్చిందని వీడియోల చెప్త, రెండు నెలల తర్వాత మీ ఖర్చు మీద తీసుకపొండ్రి. దీనికి ఓకే అని మెయిల్ వస్తెనే అడ్రస్ ఇస్త. సగం మంది అక్కడనే మాయమయితరు, పోనీ. ఆ రెండో మాట చాన ముఖ్యం తమ్మీ. బాలేని వస్తువుల వీడియో పెట్టకుండ వదిలేస్తే నువ్వు అబద్ధం ఏం చెప్పనట్టే అనిపిస్తది, కాని ఛానల్ల అన్నీ మంచియే కనపడ్తయి, చూసేటోనికి అది అబద్ధమే.

శాంపిల్ వచ్చింది. పొడి టెస్ట్‌ల నూక 22, 25, 23 గ్రాములు, అదే రోజు మా పాతదానికి 30 చుట్టూ, అంటే నిజంగనే మంచి తేడా. తడిల ఒక్కసారి ట్రిప్ కాలే, పిండి వేడి కూడ తక్కువనే. నేను ఖుషీ, వీడియో రాసుకున్న కూడ. కాని నేను మూడు వారాలు రోజూ వాడకుండ వీడియో పెట్ట, వారం లోపల పెట్టాల్సొస్తే దానికి "మొదటి చూపు" అని పేరు పెడ్త, రివ్యూ అన. పద్దెనిమిదో రోజు మా ఇంటామె "ఇగో జార్ తీస్తే కింద తడి ఉంటుంది" అన్నది. చూస్తే మోటార్ మీద జార్ బ్లేడ్‌ను తిప్పే కప్లర్ చుట్టూ బూడిద రంగు నీళ్ళు.

జార్ అడుగున బ్లేడ్ షాఫ్ట్ ఒక బుష్‌ల తిరుగుతది, దానికి రబ్బర్ వాషర్ ఉంటది, అది సరిగ్గ పట్టకపోతే షాఫ్ట్ పక్క నుంచి కారుతది, అక్కడి గ్రీజు కలిసి నల్లగ వస్తది. ఆ తడి కప్లర్ మీదికి దిగి మోటార్ల పోతే బేరింగులు పోతయి. మోటార్ ఎంత మంచిదైనా గా రబ్బర్ ముక్క దగ్గర మొత్తం దెబ్బ తింటది.

ఇప్పుడు దీన్ని ఎట్ల చూపియ్యాలె? జార్ల 500 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, తెల్ల టిష్యూ పేపర్ మడతపెట్టి దాని మీద జార్ పెట్టిన, కదపకుండ 10 నిమిషాలు. పేపర్ పొడిగనే ఉంది. తర్వాత మిక్సీ మీద ఒక్క నిమిషం తిప్పి మళ్ళ కొత్త పేపర్ మీద పెట్టిన, నడిమిట్ల రూపాయి బిళ్ళంత తడి, అంచులకు నలుపు. పాత మిక్సీ జార్‌కు అదే చేస్తే రెండుసార్లు పొడే. కట్ లేకుండ ఒకే షాట్ల తీసిన, వాచ్ కనపడేటట్టు. నా తప్పు ఏమన్న ఉందా అని కూడ చూసుకున్న, బ్లేడ్ విప్పి మళ్ళ సరిగ్గ బిగించలేదా, జార్ వేడినీళ్ళల్ల నానపెట్టినమా అని. అట్లాంటిదేం లేదు, మామూలు సబ్బు చన్నీళ్ళు.

కాని ఒక్క పీస్ తోని "ఈ మోడల్ కారుతది" అనొచ్చా? అనొద్దు. నా దగ్గర ఉన్నది కారింది, అంతవరకే. అందుకే వరంగల్ చౌరస్తా దగ్గర షాపుల సొంత పైసలతోని అదే మోడల్ కొన్న, బిల్లు తీసుకున్న. ఇది అసలు ముందే చెయ్యాల్సింది, ఎందుకంటే కంపెనీ పంపే పీస్ వాళ్ళు చూసి ఏరి పంపొచ్చు, షాపుల దొరికేది ఎవరూ ఏరరు. ప్రతి వస్తువుకు రెండోది కొనుడు మనతోని కాదు, ఒప్పుకుంట, కాని నెగెటివ్ చెప్పబోయేటప్పుడు, మరీ బాగుందని ఎగిరెగిరి చెప్పబోయేటప్పుడు కొను లేకుంటే తెలిసినోళ్ళ ఇంట్ల అదే మోడల్ ఉందా అడుగు. షాపుది తొమ్మిదో రోజు నుంచి కారుడు మొదలైంది. దాని పొడి టెస్ట్ కూడ శాంపిల్ లెక్కనే మంచిగొచ్చింది.

అప్పుడు కంపెనీకి మెయిల్ పెట్టిన. తీర్పు రాయలే, జరిగింది రాసిన. ఎప్పుడు మొదలైంది, రోజుకు ఎంత వాడినం, పేపర్ టెస్ట్ ఎట్ల చేసినం, రెండు క్లిప్పులు, జార్ కింద ఉన్న బ్యాచ్ నంబర్లు. అడిగింది రెండే ప్రశ్నలు, ఇది మీకు ముందే తెలుసా, కొన్నోళ్ళకు జార్ మార్చి ఇస్తరా. 5 పని దినాలు టైం ఇచ్చిన. మూడో రోజు మెయిల్ రాలే, ఫోన్ వచ్చింది. "అన్నా, మీకు కొత్త జార్ పంపుతం, ఆ ఒక్క భాగం తీసెయ్యండి, వచ్చే నెల మన పెయిడ్ క్యాంపెయిన్ కూడ ఉంది" అని. నేను గొడవ పెట్టుకోలే, "అన్నా, గిదంతా మెయిల్ల రాయుండ్రి, వీడియోల మీ జవాబు లెక్కన పెడ్త" అన్న. రాయలే, రాయరు. రెండు రోజులకు వేరే మెయిల్ వచ్చింది, వాషర్ సప్లయర్ మారిండు, కొత్త బ్యాచ్‌ల సరి చేసినం, వారంటీల జార్ మార్చి ఇస్తం అని. ఆ మాటను ఉన్నదున్నట్టు స్క్రీన్ మీద పెట్టిన. కొత్త జార్ పంపుతం అన్నదానికి వద్దన్న, ఎందుకంటే అది చూసి పంపే జార్, షాపుల ఉన్న స్టాక్ గురించి అది ఏం చెప్పదు.

వీడియోల తీర్పు గిట్ల చెప్పిన: "మోటార్ ఈ రేటుల నేను చూసినవాటిల మంచిది. కాని నా దగ్గరికి వచ్చిన రెండు పీసులల్ల రెండూ మూడు వారాల లోపల జార్ అడుగు నుంచి కారినయి. రోజూ ఇడ్లీ దోశ పిండి పట్టేటోళ్ళు ఇప్పుడు కొనొద్దు. కారం, పసుపు, ధనియాల పొడికే అయితే నాకు ఇబ్బంది రాలే. ఇప్పటికే కొన్నరా, టిష్యూ పేపర్ టెస్ట్ చేసి వారంటీల జార్ మార్పిచ్చుకోండ్రి." టైటిల్ల మోడల్ పేరు, "జార్ లీక్" అని పెట్టిన, మోసం, స్కామ్, చెత్త అన్న మాటలు ఎక్కడా వాడలే. మోసం అంటే వాళ్ళు తెలిసి చేసిన్రు అని అర్థం, వాళ్ళ మనసుల ఏముందో నేను టెస్ట్ చెయ్యలే, జార్ కారుడు ఒక్కటే టెస్ట్ చేసిన. ఒక కేసు గుర్తుపెట్టుకో, 2020 జనవరిల బొంబాయి హైకోర్టు ఒక యూట్యూబర్ చేసిన కొబ్బరినూనె రివ్యూను తీసెయ్యమన్నది, వేరే రకం నూనెతోని పోల్చి పనికిరాదని తేల్చుడు దగ్గరనే జడ్జి పట్టుకున్నడు, తర్వాత డివిజన్ బెంచ్ కొన్ని మార్పులతోని ఉంచుకోనిచ్చింది. అందుకే పోల్చేటప్పుడు 500 వాట్లదాన్ని 1000 వాట్లదాని పక్కన పెట్టకు, అన్‌కట్ ఫుటేజ్ హార్డ్ డిస్క్‌ల దాచిపెట్టు, బిల్లులు మెయిళ్ళు కూడ.

ఫ్రీగ వచ్చిందని చెప్పుడు నీ మంచితనం కాదు, రూలే ఉంది. 2023 జనవరిల కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన గైడ్ ప్రకారం పైసలు తీసుకుంటెనే కాదు, ఫ్రీ వస్తువు, డిస్కౌంట్, అడగకుండ పంపిన గిఫ్ట్ అన్నీ చెప్పాల్సినవే, వీడియో అయితే డిస్క్రిప్షన్‌ల దాచుడు కాదు, వీడియోలనే నోటితోని చెప్పాలె, తెర మీద రాయాలె. తెలుగు వీడియోల తెలుగులనే చెప్పు, "ఈ మిక్సీ కంపెనీ ఫ్రీగ పంపింది, పైసలు ఏం ఇయ్యలే, వీడియో వాళ్ళు ముందు చూడలే" అని మొదటి అర నిమిషంల. దాంతోని పాటు అప్‌లోడ్ చేసేటప్పుడు యూట్యూబ్ స్టూడియోల పెయిడ్ ప్రమోషన్ బాక్స్ ఉంటది, అది ఎప్పుడు టిక్ చెయ్యాలెనో యూట్యూబ్ హెల్ప్ పేజీల ఒకసారి చదువుకో. తప్పుదోవ పట్టించే ప్రచారం అని తేలితే 2019 వినియోగదారుల చట్టం కింద మొదటిసారి 10 లక్షల వరకు, మళ్ళ చేస్తే 50 లక్షల వరకు జరిమానా ఉంది. పన్ను ముచ్చట కూడ ఉంది, 2022 జూలై 1 నుంచి ఒక కంపెనీ ఏడాదిల 20 వేలు దాటి వస్తువులు ఇచ్చి నువ్వు ఉంచుకుంటే దాని మీద 10 శాతం టీడీఎస్ లెక్క వస్తది, వాపస్ ఇచ్చేస్తే రాదు. మిక్సీకి ఇది తగలదు కాని రేపు ఫ్రిజ్, వాషింగ్ మిషన్ పంపుతరు చూడు, అప్పుడు మీ సీఏను అడుగు.

ఇంకో చిన్న ముచ్చట, డిస్క్రిప్షన్‌ల అఫిలియేట్ లింక్ పెడ్తవు కదా. కొనొద్దని చెప్పి కింద కొనే లింక్ పెడితే చూసేటోడు నవ్వుతడు. నేను నెగెటివ్ వీడియోలకు లింక్ పెట్ట, పాజిటివ్‌వాటికి పెడితే కమిషన్ వస్తదని చెప్త.

మళ్ళ పంపరేమో అన్న భయానికి నేను ఇచ్చే జవాబు తియ్యగుండదు. ఆ మిక్సీ కంపెనీ మళ్ళ ఒక్కటి పంపలే ఇంతవరకు. ఇంకో రెండు కంపెనీలు కూడ ఆ వీడియో చూసి తగ్గినయి. ఆ ఏడాది నేను సొంతంగ కొన్నవే ఎక్కువ, టెస్ట్ అయినంక సెకండ్ హ్యాండ్‌ల అమ్ముకుంట, సగం పైన వస్తయి, మిగిలింది నా ఖర్చు. నీకు శాంపిళ్ళ మీదనే బండి నడవాలంటే గీ పద్ధతి కష్టమే, ముందే తెలుసుకో. శాంపిల్ ఎక్కువ కాలం నా దగ్గర పెట్టుకోను, రెండు నెలలైనంక వాళ్ళు తీసుకపోకపోతే ఎవరికి ఇచ్చిననో వీడియో కింద రాస్త. ఆ కారే మిక్సీ మాత్రం ఎవరికి ఇయ్యబుద్ధి కాలే, మా చెల్లె అడిగింది, ఇయ్యలే, ఇప్పటికీ తిడ్తది.

నాలుగు నెలలకు మళ్ళ అదే షాపుల కొత్త బ్యాచ్ ఒకటి కొన్న, నెల వాడిన, పేపర్ పొడిగనే ఉంది. అప్పుడు పాత వీడియో మీద పిన్ చేసి ఫలానా బ్యాచ్ నుంచి నాకు కారలే అని రాసి, టైటిల్ల "పాత బ్యాచ్" అని చేర్చిన. వాళ్ళు అడగలే, కాని అది చెప్పకపోతే నేను మొదట చెప్పింది కూడ సగమే అయితది.

నీ మిక్సీకి వస్తే, రేపు పొద్దున పది పదకొండు మధ్య, ఎక్స్‌టెన్షన్ లేకుంట గోడ ప్లగ్గుల మల్టీమీటర్ పెట్టు, మిక్సీ నడుస్తున్నప్పుడు ఎంత చూపిస్తుందో రాసుకో, మల్టీమీటర్ కొత్తయితే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకో, 230 వోల్టులతోని ఆట వద్దు. 200 గ్రాముల పప్పు, 200 నీళ్ళు, బుక్‌ల రాసినట్టు ఆపి ఆపి, మూడు సార్లు. మీ ఇంట్ల పాత మిక్సీ ఉంటే ముందు దాన్ని. సాయంత్రం ఆగిన టైముకు మళ్ళ ఒకసారి వోల్టేజ్ చూడు. గా నంబర్లు ఇక్కడ పెట్టు, మెయిల్ల ఏం రాయాలెనో అప్పుడు చూద్దాం.